ఏ4 ఫైలును ఏ6కి మార్చాక బొమ్మలు అంచు దాటుతున్నాయి, ఏం చేయాలి?

సింహాచలం గిరిప్రదక్షిణలో పంచే జేబు పుస్తకం కోసం 28 పేజీల ఏ4 ఫైలును లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఏ6కి మారుస్తున్నాను. ప్రింట్‌లో 50 శాతానికి కుదిస్తే 12 పాయింట్ల అక్షరం 6 అయిపోయి వత్తులు ముద్దవుతున్నాయి. అందుకని పేజీనే 105 × 148 మిల్లీమీటర్లు చేసి, బయటి మార్జిన్ 12, కుట్టు వైపు 15 పెట్టాను. స్టైల్‌లో సైజు 9కి దించితే ఇంగ్లీషు అక్షరాలే తగ్గాయి. తెలుగుకు CTL వరుసలో విడిగా మార్చాల్సి వచ్చింది.

ఇక మిగిలింది బొమ్మలు. వాక్యంలో అక్షరంలా కూర్చున్న 40 బొమ్మలు పాత 150 మిల్లీమీటర్ల వెడల్పుతోనే ఉండి, 78 దగ్గర కుడివైపు తెగిపోతున్నాయి. మాక్రోలో `Width = 7800` ఇస్తే ఎత్తు తగ్గక గాలిగోపురం సన్నగా సాగింది. నిష్పత్తి చెడకుండా, 78 దాటినవాటినే కుదించి, చిన్న గుర్తులను వదిలేసే పద్ధతి ఎవరైనా చెప్తారా? రేపు సాయంత్రం ద్వారకానగర్‌లో ప్రింట్‌కి ఇవ్వాలండి.