లింకు తెరవగానే ఆ వాక్యమే కనబడాలి, కానీ లింకు కొండవీటి చాంతాడంత వస్తోంది

గోదారోడు: మా తమ్ముడికి ఓ నోటిఫికేషన్ పేజీలో ఫీజు సంగతి చూపించాలి. క్రోమ్‌లో ఆ వాక్యం సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో Copy link to highlight నొక్కాను. లింకు నిండా %E0%B0 అని చెత్త. వైరస్ అనుకుని వాడు తెరవలేదు! చిన్నగా చేయొచ్చా?

సెమికోలన్: చెత్త కాదండీ, అది తెలుగే. మనవి ఒక్కో అక్షరం, గుడి, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి, ఒక్కోటి తొమ్మిది గుర్తులవుతుంది, ఒత్తు మాత్రం రెండింటి లెక్క. "దరఖాస్తు" ఒక్కటే 72. వాక్యమంతా పెట్టక్కర్లేదు, మొదలూ చివరా ఇచ్చి మధ్యలో కామా పెడితే ఆ మధ్యదంతా రంగు పడుతుంది. చేత్తోనే టైప్ చేయండి:

```
https://example.com/notice#:~:text=దరఖాస్తు%20రుసుము,చెల్లించాలి
```

ఖాళీ ఉన్నచోట %20 ఉండాలి, లేకపోతే చాట్‌లో లింకు అక్కడికే తెగిపోతుంది.

లక్ష్మీటీచర్: పేజీలో రంగు వేయాలంటే ఆ సైటువాళ్లు మనకు ఎడిట్ హక్కు ఇవ్వాలి కదా?

సెమికోలన్: అక్కర్లేదు మేడమ్. పేజీ మారదు, చూసేవాళ్ల బ్రౌజరే వెతికి రంగు వేస్తుంది.

పాతసిస్టమ్: ఇదంతా క్రోమ్ వాళ్లకే. ఫైర్‌ఫాక్స్‌లో రాదు, నేను చూశాను.

సెమికోలన్: ఎప్పుడు చూశారు? 2024 అక్టోబరులో వచ్చిన 131వ వెర్షన్ నుంచి వస్తోంది. పాతదైనా పేజీ తెరుచుకుంటుంది, కాకపోతే పైనుంచి.

గోదారోడు: మీరు చెప్పినట్టే పెట్టాను సార్. పేజీ వచ్చింది, రంగు లేదు. తప్పు అని కూడా చెప్పలేదు.

సెమికోలన్: చెప్పదు, ఊరుకుంటుంది. పేజీలో ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

గోదారోడు: "దరఖాస్తు రుసుమును ఆన్‌లైన్‌లోనే చెల్లించాలి."

సెమికోలన్: దొరికింది. పేజీలో ఉన్నది "రుసుమును", మనం ఇచ్చింది "రుసుము". పదం మొత్తం కలవాలి, ముక్క కలిస్తే చాలదు. ఇంగ్లీషులో ఈ బాధ తక్కువ. మనకు లో, ను, కి అన్నీ పదానికే అతుక్కుంటాయి. Ctrl+F కొడితే "రుసుము" దొరుకుతుంది కాబట్టి దాన్ని నమ్మి మోసపోతాం.

గోదారోడు: "రుసుమును" అని మార్చాను, వచ్చేసింది! తమ్ముడి ఫోన్లోనూ సరిగ్గా అక్కడికే వెళ్లింది.

పాతసిస్టమ్: రేపు వాళ్లు వాక్యం మారిస్తే?

సెమికోలన్: మళ్లీ పైనుంచే తెరుచుకుంటుంది. ఆ భాగానికి పేజీలో fees లాంటి id ఉంటే #fees:~:text= అని మొదలుపెట్టండి. వాక్యం దొరక్కపోయినా కనీసం ఆ శీర్షిక దగ్గర ఆగుతుంది.

లక్ష్మీటీచర్: నాకింకో తంటా. మా స్కూలు సైట్లో లాగిన్ అడుగుతుంది, లాగిన్ అయ్యాక రంగు పోతుంది.

సెమికోలన్: లాగిన్ పేజీకి వెళ్లొచ్చేలోపు # తర్వాతది రాలిపోయి ఉంటుంది. ముందు లాగిన్ అయ్యి, తర్వాత లింకు నొక్కమనండి.

అరసున్న: "ఆన్‌లైన్" లాంటి మాటల్లో న్ తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది కదా. నేను టైప్ చేసిన దాంట్లో అది లేకపోతే కలుస్తుందా? నాకు ఒకసారి కలిసింది, ఒకసారి లేదు.

సెమికోలన్: నేనైతే అలాంటి మాటను మొదట్లో గానీ చివర గానీ పెట్టను. మీకు కలవనిది ఏ బ్రౌజర్లో?