వినే కథలో ధర్మవరం మాట: యాసను ఎంతవరకు రాయాలి?

ప్రశ్న (కర్నూలు): వినడానికి మాత్రమే ఉద్దేశించిన ఒక ధారావాహిక రాస్తున్నాను. ధర్మవరం నేతగాడు, గుంటూరు చీరల వ్యాపారి అందులో ముఖ్య పాత్రలు. సంభాషణల్లో యాసను పూర్తిగా రాయాలా, లేక మామూలు తెలుగులో రాసి నటుడికి వదిలేయాలా? వినేవారికి ఆ పాత్రలు నవ్వులాటగా తోచకూడదు.

కడప నుండి: నటుడికి వదిలేయవద్దు. ధర్మవరం వెళ్లి, మగ్గం ముందు కూర్చున్నవారి మాటలను వారి అనుమతితో రికార్డు చేసుకుని, ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాయండి. సినిమాల్లో సీమ మాట వినబడితే చాలు, వెనకే కత్తులూ బాంబులూ వస్తాయి. ఆ మచ్చ పోవాలంటే ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప మరో దారి లేదు.

అనంతపురం నుండి (రేడియో నాటకాలు రాసేవాడిని): రికార్డు చేసుకోమన్న మాట నూటికి నూరుపాళ్లు సరైనదే, కానీ అక్షరం మార్చకూడదన్న నియమం వినే కథలో నిలవదు. మన వైపు "ఆడుండాడు" అంటే "అక్కడ ఉన్నాడు" అని అర్థం. కోస్తా శ్రోత చెవికి అది "వాడు ఉన్నాడు" అన్నట్టు వినబడుతుంది, పుస్తకంలోలాగా వెనక్కి తిరిగి చూసుకునే వీలు అతడికి ఉండదు. అందుకని ఆ మాటను తీసేయనక్కర్లేదు. "ఆడుండాడు, బావి కాడ" అని చోటును పక్కనే పలికిస్తే చాలు.

ఇక అసలు విషయానికి వస్తే, పాత్ర వెక్కిరింతగా మారేది ఎక్కువగా పిలుపుల వల్లా ఊతపదాల వల్లా. పెళ్లి చీర కోసం వ్యాపారి వచ్చిన సన్నివేశాన్ని తీసుకోండి. నేతగాడి చేత "ఏమప్పా, యాడికి ఉరుకుతాండావప్పా, చీర ఆడ్నే ఉండాది గదప్పా" అనిపిస్తే, వినేవారికి చీర సంగతి చేరకముందే యాస ప్రదర్శన చేరుతుంది. దాన్నే "జరీ ఇంకా రాలే. చీర మగ్గం మీదే ఉండాది. ఎల్లుండి వస్తే కోసిస్తా" అని రాసి చూడండి. "రాలే", "ఉండాది" అన్న రెండు క్రియలే ఊరు చెబుతాయి, మిగతాదంతా పని గురించిన మాట. "వచ్చాడు" బదులు "వచ్చినాడు", "చేస్తున్నాడు" బదులు "చేస్తాండాడు" వంటి క్రియారూపాలను ఆ పాత్రకు మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా ఉంచి, "అప్పా"ను నిజంగా పిలవవలసిన చోటుకే దాచుకోవాలి.

రెండో పొరపాటు వ్యాపారి దగ్గర జరుగుతుంది. పత్రికల తెలుగు చాలావరకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట నుంచి వచ్చింది కనుక, వ్యాపారికి యాసే లేనట్టు రాసేస్తాం; అప్పుడు నేతగాడు ఒక్కడే వింతగా మిగులుతాడు. లేదంటే గోదావరి వైపు "అండీ"ని తెచ్చి గుంటూరు మనిషికి వాక్యం వాక్యానికీ తగిలిస్తాం. వ్యాపారి "ఎట్టా ఇస్తావ్?" అనాలి, నేతగాడు "ఎట్ల ఇయ్యాల?" అనాలి, ఇద్దరికీ యాస ఉన్నప్పుడు ఎవరూ నవ్వులాట కారు.

ఇదే నేతగాడు ఫోనులో బ్యాంకు మేనేజరుతో "చీర మగ్గం మీదే ఉంది సార్" అంటాడు, ఫోను పెట్టేసి భార్యతో "ఉండాది" అంటాడు. ఆ మార్పును రాతలోనే చూపించాలి, ఎందుకంటే యాస తెలియని నటుడు దాన్ని ఊహించలేడు. అతడికి ధర్మవరం మనిషి ఒకరు మామూలు గొంతుతో ఆ మాటలు చదివిన రికార్డు కూడా పంపండి. లేకపోతే గొంతు పెంచి, ప్రతి వాక్యాన్నీ బెదిరింపులా పలుకుతాడు.

హిందూపురం నుండి: మా అవ్వ కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. ఆమె మీద కథ రాసి పత్రికకు పంపాలనుకుంటున్నాను. కష్టమైన మాటలకు పేజీ కింద అర్థాలు ఇవ్వవచ్చా?

అనంతపురం నుండి: అచ్చులో ఇవ్వవచ్చు. ఇక్కడి ప్రశ్న చెవికి సంబంధించినది, వినేవారికి పేజీ అడుగు ఉండదు. కానీ మీ అవ్వ మాటకు ఎదుటివారు ఇచ్చే జవాబులోనే అర్థం తెలిసేలా రాస్తే రెండు చోట్లా పనికొస్తుంది.

కడప నుండి: చోటు చెప్పించే పద్ధతిని ఒప్పుకుంటున్నాను. అయితే కథ చెప్పే గొంతు మాత్రం పత్రికల తెలుగులోనే ఉంటే, యాస పాత్రలకే తప్ప కథకు తగదని చెప్పినట్టే కదా? ధర్మవరం కథను ధర్మవరం మాటలోనే చెప్పించాలి.

అనంతపురం నుండి: ఆ గొంతు ఊళ్లోని ఒక మనిషిదైతే మీరన్నదే సరి. కథకుడు పాత్ర కానప్పుడు మాత్రం నేను ఒప్పుకోలేను. గంటసేపు వినే శ్రీకాకుళం శ్రోతకు ఎవరు మాట్లాడుతున్నారో గుర్తుపట్టడానికి ఆ తేడా ఒక ఆసరా.

కర్నూలు నుండి: కథ చెప్పేది నేతగాడి కూతురు, గుంటూరులో చదువుకుంటోంది. ఆమె ఏ మాటలో చెప్పాలో మీ ఇద్దరి వాదనా విన్నాక కూడా తేల్చుకోలేకపోతున్నాను. మొదటి భాగాన్ని రెండు రకాలుగానూ చదివించి, ధర్మవరంలో కొందరికీ గుంటూరులో కొందరికీ వినిపిస్తాను.