ఎల్‌ఎఫ్‌పీనా, నికెలా? ఘాట్ రోడ్డు వాళ్ళు చెప్పండి

జయపురం_రాజు: వారానికోసారి సాలూరు ఘాట్ మీదుగా వైజాగ్ వెళ్ళొస్తాను. రెండు ఎలక్ట్రిక్ కార్లు చూశాను. ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీది 40 యూనిట్లు, నికెల్‌ది 45 యూనిట్లు. రెండోది లక్షన్నర ఎక్కువ. ఎనిమిదేళ్ళు వాడాలి. ఏది తీసుకోమంటారు?

పర్లాకిమిడి_పంతులు: ఏది కొన్నా షోరూమ్ కుర్రాడి మాట మాత్రం నమ్మకండి. నాది ఎల్‌ఎఫ్‌పీ. "80 దాటనివ్వకండి సార్, బ్యాటరీ పాడవుతుంది" అన్నాడు. మూడు నెలలు బుద్ధిగా 80కే ఆపాను. కోరాపుట్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్తూ సుంకి దగ్గర చూస్తే 17 శాతం. రెండు మలుపులు తిరిగేసరికి 4. మా ఆవిడ ఏసీ తనే కట్టేసింది. చీకట్లో ఒక దాబా ప్లగ్గుకు పెట్టి మూడు గంటలు కూర్చున్నాం. బ్యాటరీ దొంగదని సర్వీసుకు తీసుకెళితే "నార్మలే" అని పంపేశారు.

సిరొంచ_శీను: మా ఎండలకు నా స్కూటర్ బ్యాటరీ రెండేళ్ళలో సగమైంది. ఎలక్ట్రిక్కే దండగ.

రాయగడ_వర్క్‌షాప్: శీను తమ్ముడూ, అడిగింది కారు గురించి. పంతులు గారూ, మీ బ్యాటరీ మంచిదే, లెక్క తప్పింది. పదకొండేళ్ళుగా ప్యాకులు విప్పుతున్నాను, ఇది రోజూ చూసేదే. నికెల్ సెల్లు 80 శాతం నుంచి 20కి వచ్చేసరికి దాదాపు అర వోల్టు పడుతుంది. అందుకే వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పగలదు. ఎల్‌ఎఫ్‌పీలో అదే 80 నుంచి 20కి వోల్టులో పదో వంతు కూడా మారదు. కాబట్టి కారు, లోపలికెంత వెళ్ళింది, బయటికెంత వచ్చింది అని లెక్క కట్టుకుంటూ పోతుంది. రోజూ చిన్న తప్పు, మూడు నెలలకు పెద్ద తప్పు. బాగా అడుగుకి వచ్చాక వోల్టేజీ ఒక్కసారిగా జారుతుంది, అప్పుడు కారుకి నిజం తెలిసి 17ని 4 చేస్తుంది. పైన 100 దగ్గర కూడా వోల్టేజీ నిటారుగా లేస్తుంది. వారానికోసారి అక్కడిదాకా ఎక్కిస్తే లెక్క సరిపోతుంది. 80 దగ్గర ఆపమనే మాట నికెల్‌కి.

స్వాతి_కోరాపుట్: వర్క్‌షాప్ గారూ, మీరు మైదానంలో కూర్చుని చెబుతున్నారు. నేను ఇంట్లో 100 చేసి బయలుదేరితే ఘాట్ దిగేటప్పుడు కారు వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపే రీజెన్ పనిచేయదు. పోయిన నెల బ్రేకులు మాడిన వాసన వచ్చింది. నిండిన కుండలో నీళ్ళు ఎక్కడ పోస్తారు?

రాయగడ_వర్క్‌షాప్: రాయగడ మైదానమా! కొండల మధ్యే ఉన్నానమ్మా.

స్వాతి_కోరాపుట్: వాసన గురించి చెప్పండి, కొండల గురించి కాదు.

నందపురం_మాస్టారు: పోట్లాడకండి. మనుషులతో కలిపి 1800 కిలోల కారు 700 మీటర్లు ఎక్కితే ఎత్తుకే సుమారు మూడున్నర యూనిట్లు పోతాయి. దిగేటప్పుడు అందులో రెండు, రెండున్నర తిరిగొస్తాయనుకోండి. 40 యూనిట్ల బ్యాటరీలో అది 6 శాతం. స్వాతి గారు 92 దగ్గర ప్లగ్ పీకి బయలుదేరితే చాలు. 100 చేసే రోజు ఘాట్ దిగని రోజు పెట్టుకోవాలి.

రాయగడ_వర్క్‌షాప్: ఆ మాటే నేను చెప్పబోతున్నా.

స్వాతి_కోరాపుట్: చెప్పలేదు కదా.

చంద్రపూర్_వెంకట్: అసలు ఎల్‌ఎఫ్‌పీ అంటుకోదు, అదొక్కటి చాలు నాకు.

రాయగడ_వర్క్‌షాప్: అంటుకోదని ఎవరన్నారు? నికెల్ కన్నా చాలా ఎక్కువ వేడికి గానీ అదుపు తప్పదు. తప్పిందంటే మండే వాయువు వదులుతుంది. గుద్దిన కారుని షెడ్డులో పెట్టి నిద్రపోకండి.

సిమిలిగుడ_కిరణ్: జనవరి పొద్దున్న మా దగ్గర ఫాస్ట్ ఛార్జర్‌కి పెడితే నా ఎల్‌ఎఫ్‌పీ సగం వేగంతోనే తీసుకుంటుంది. మా బావ నికెల్ కారు పక్కనే నిలబడి ముందు వెళ్ళిపోయింది. అరగంట నడిపి బ్యాటరీ వేడెక్కాక పెడితే మామూలే. ఇది ఎవరూ చెప్పరు.

పర్లాకిమిడి_పంతులు: నిన్న రాత్రి 100కి పెట్టాను. 100 అని చూపించాక కూడా గంటన్నర కరెంటు లాగుతూనే ఉంది. మీటరు చూస్తే గుండె ఆగింది.

రాయగడ_వర్క్‌షాప్: సెల్లులను సమం చేస్తోంది. కొంచెమే లాగుతుంది. మధ్యలో పీకకండి.

జయపురం_రాజు: అందరికీ దండాలు. నాకు పోర్షన్ కింద సొంత ప్లగ్ ఉంది, ఆదివారం కారు కదలదు. ఆ లెక్కన ఎల్‌ఎఫ్‌పీ వైపే మనసు. కానీ వైజాగ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ అయిదు యూనిట్లు తక్కువైతే ఎలా అనేదొక్కటే టెన్షన్. వర్షంలో, ఏసీతో, నలుగురితో సాలూరు నుంచి పైకి ఎక్కినవాళ్ళు ఎవరైనా ఎంత శాతం పోయిందో చెప్పండి.

సిరొంచ_శీను: స్కూటర్ సంగతి ఎవరూ చెప్పలేదు.