చెత్త ఎత్తుతుండగా సూది గుచ్చుకుంది: ఇప్పుడేం చేయాలి, ఎలాంటి గ్లౌజులు అడగాలి?

వార్డు మేస్త్రీ: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. నా కింద 14 మంది ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారు. నిన్న ఉదయం ఏడున్నరకు, తడి చెత్తా పొడి చెత్తా కలిపి కట్టిన ఒక నల్ల కవరును ట్రాలీ ఆటోలో అదుముతుండగా మా బ్యాచ్‌లో ఒకామెకు బొటనవేలి మొదట్లో సూది దిగింది. షుగరు ఉన్నవారు ఇంట్లో ఇన్సులిన్ తీసుకునే సన్న సూది అది. చేతికి గ్లౌజు ఉన్నా ఆగలేదు. ఆమె వేలు గట్టిగా పిండి రక్తం తీసి, ఎదురింటివారు ఇచ్చిన పసుపు అద్దుకుని, మధ్యాహ్నం దాకా పని చేసింది. నాకు సాయంత్రం గానీ చెప్పలేదు. ఇప్పుడు ఉదయం తొమ్మిది కావస్తోంది. ఆమెను ఆసుపత్రికి పంపాలా? ఇకముందు ఎలాంటి గ్లౌజులు అడగాలి?

మెడికల్ షాపు యజమాని: కంగారు పడకండి. ఎయిడ్స్ క్రిమి బయటి గాలికి ఎక్కువసేపు బతకదు. చెత్తలో ఎన్నాళ్లో పడి ఉన్న సూదితో అది వచ్చే అవకాశం బహు తక్కువ. ఒక టీటీ ఇంజెక్షన్ వేయిస్తే సరిపోతుంది.

స్టాఫ్ నర్సు: పై సభ్యుడు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. ఆసుపత్రిలో హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది అప్పటికప్పుడు గుచ్చుకున్నా వెయ్యిలో ముగ్గురికి మించి సోకదు. చెత్తలో ఎండిన సూదితో ప్రమాదం అంతకంటే చాలా తక్కువ. అయితే మనం ఇక్కడ ముందుగా భయపడవలసింది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి గురించి. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. దానికి టీటీ పనిచేయదు.

మేస్త్రీగారూ, ఆమెను ఈ రోజే, వీలైతే ఈ గంటలోనే, ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. వాడి పారేసిన సూది గుచ్చుకుందని, ఎన్ని గంటలకు గుచ్చుకుందో కూడా స్పష్టంగా చెప్పించండి. "చేతికి గాయమైంది" అని చెబితే కట్టు కట్టి పంపేస్తారు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలను 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. మీకు ఇప్పటికి ఇరవై ఐదు గంటలు దాటింది కాబట్టి గడువు ఉంది. ఆ మాత్రలు ప్రతి సూది గాయానికీ ఇవ్వరు. ఎవరు వాడిన సూదో తెలియనప్పుడు గాయం లోతు, సూదిలో కనిపించిన రక్తం చూసి డాక్టరే నిర్ణయిస్తారు. ఇస్తే మాత్రం 28 రోజులు తప్పకుండా వేసుకోవాలి. ఆమె గర్భవతి అయినా, బిడ్డకు పాలిస్తున్నా ముందే చెప్పాలి.

హెపటైటిస్ బి టీకా ఇదివరకు వేయించుకోకపోతే మొదటి డోసు వెంటనే వేస్తారు, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. ఇవాళ రక్త పరీక్ష చేస్తే అందులో తేలేది ఆమెకు ఇప్పటికే ఏమైనా ఉందా అన్నది మాత్రమే, నిన్నటి సూది సంగతి దానిలో కనిపించదు. అందుకే ఆరు వారాలకూ, మూడు నెలలకూ, ఆరు నెలలకూ మళ్లీ చూపించుకోమంటారు.

ఇంకొక మాట. గాయాన్ని పిండకూడదు, నోటితో పీల్చకూడదు, బ్లీచింగ్ నీళ్లు పోయకూడదు. సబ్బుతో, పారే నీటితో బాగా కడిగితే చాలు. ఆమెకు ఆ సమయంలో సబ్బూ నీళ్లూ అందుబాటులో ఉన్నాయా? పసుపు అద్దుకున్నారంటే లేవనే నాకు అర్థమవుతోంది.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: మా నాన్నగారు రోజూ రెండుసార్లు ఇన్సులిన్ తీసుకుంటారు. మేము సూదులను పడేసేముందు రెండు కవర్లలో చుట్టి ముడి వేస్తాము. ఇంకా మందపు కవరు వాడమంటారా?

వార్డు మేస్త్రీ: అమ్మా, ఎన్ని కవర్లు చుట్టినా సూది మొన బయటికే వస్తుంది, పైగా లోపల సూది ఉందని మావాళ్లకు తెలియకుండా పోతుంది. మూత బిగుసుకునే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ముప్పావు వంతు నిండాక మూత మీద టేపు చుట్టి, "సూదులు" అని పైన రాసి, చెత్తలో కలపకుండా విడిగా చేతికి ఇవ్వండి. ఇస్తున్నప్పుడు ఒక్క మాట చెప్పండి. మెట్ల మీద నుంచి బండిలోకి విసరకండి.

యూనియన్ సభ్యుడు: గ్లౌజుల సంగతి నేను చెబుతాను. సూదిని పూర్తిగా ఆపే గ్లౌజు మామూలు పనికి దొరకదు. కత్తికి తెగని గ్లౌజులని అమ్మేవి గాజు పెంకుకు పనికొస్తాయి కానీ, వాటి అల్లిక సందుల్లోంచి సన్న సూది దూరిపోతుంది. మాకు నడుస్తున్నవి అరచేతి వైపు నైట్రైల్ పూత ఉన్న అల్లిక గ్లౌజులు. పూర్తి రబ్బరు గ్లౌజులు ఇస్తే ఎండాకాలం చెమటకు వేళ్ల సందులు పాసిపోతాయి, చెత్త నీళ్లు పై అంచులోంచి లోపలికి దిగి అక్కడే నిలుస్తాయి. కార్మికులు వాటిని తీసి బండికి తగిలించారంటే నిర్లక్ష్యం అనుకోకండి, వాటితో కవరు ముడి విప్పడం కుదరదు.

కొలత కూడా చూడండి. అందరికీ ఒకే పెద్ద సైజు ఇస్తారు. ఆడవాళ్ల చేతికి వేళ్ల చివర అంగుళం ఖాళీగా వేలాడుతుంది, పట్టు చిక్కక ఇంకా గట్టిగా అదుముతారు. ఒక్కొక్కరికి సరైన కొలతలో రెండు జతలు అడగండి, ఒకటి ఆరుతుంటే ఒకటి వేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, బండిలో చెత్తను చేత్తోనూ కాలితోనూ అదమడం మాన్పించండి. పొడవాటి కర్రకు ఇనుప కొక్కెం బిగించి ఇవ్వండి. కవరును ముడి దగ్గర పట్టుకుని, ఒంటికి దూరంగా ఎత్తాలి. తొడకు ఆనించి మోస్తే చీర మీదుగానే గుచ్చుకుంటుంది.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కు ఇవ్వాలని రాశారు. మీరు అడిగేది దయ కాదు. లిఖితపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. ఆమె జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతుంటే దీన్ని పనిలో జరిగిన ప్రమాదంగా నమోదు చేయించండి.

కార్మికురాలి కూతురు: మా అమ్మ కూడా ఇదే పని. మీరు సూదుల గురించి మాట్లాడుతున్నారు, మా ఇంట్లో మాత్రం మూత్రంలో మంటకే తరచూ మందులు. తెల్లవారుజామున ఐదింటికి వెళితే పన్నెండు దాకా బాత్రూము ఉండదు కాబట్టి నీళ్లు తాగడమే మానేసింది. డ్యూటీ చీర ఇంటికి తెచ్చి మా బట్టలతో పాటే నానబెడుతుంది. దీనికి ఎవరిని అడగాలి?

స్టాఫ్ నర్సు: ఆ చీరను విడిగా నానబెట్టి, విడిగా ఉతకమనండి. నీళ్లు మానితే మంట ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. మూత్ర పరీక్ష చేయించండి. బాత్రూము సంగతికి నా దగ్గర మందు లేదు.

యూనియన్ సభ్యుడు: మేము హాజరు వేసే చోటే బాత్రూమూ, బట్టలు మార్చుకునే గదీ కావాలని రెండేళ్లుగా అడుగుతున్నాము, ఇంకా రాలేదు. ఈలోగా ఆమె రూటులో ఉన్న బంకులూ, బడులూ మాట్లాడి పెట్టమని శానిటరీ ఇన్‌స్పెక్టరును అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల తాళం తీయరు.

వార్డు మేస్త్రీ: ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాము. టీటీ, హెపటైటిస్ బి మొదటి డోసు వేశారు, రక్తం తీశారు. సూదిలో రక్తం కనిపించలేదని చెబితే హెచ్‌ఐవీ మాత్రలు అవసరం లేదన్నారు. వచ్చాక బ్యాచ్‌లో అందరినీ అడిగాను. మూడు డోసులూ పూర్తయినవారు ఒక్కరూ లేరు, ఇద్దరికి మాత్రం ఒక డోసు గుర్తుంది. ఆటోకు 20 లీటర్ల నీళ్ల డబ్బా, సబ్బుపెట్టె కట్టించాను. ఈ రోజు కూలి పడుతుందా అని ఆమె అడిగితే కాంట్రాక్టరు చూద్దామన్నాడు.

స్టాఫ్ నర్సు: ఆ ఇద్దరికీ మళ్లీ మొదటినుంచి వేయనక్కరలేదు, మిగిలిన డోసులు వేస్తే చాలు. ఆమె రెండో డోసు తేదీని మీ హాజరు పుస్తకం అట్ట మీద రాసుకోండి, ఆసుపత్రి చీటీ పోతుంది.