మందు కొట్టిన ఇరవై రోజులకే మళ్ళీ పిడుదులు: ఎక్కడ తప్పుతోంది?

శ్రీలక్ష్మి, సత్తెనపల్లి దగ్గర:
మాకు నాలుగు హెచ్.ఎఫ్. సంకరజాతి ఆవులు, రెండు దూడలు ఉన్నాయి. నెల కిందట ఈనిన ఆవుకి 105 డిగ్రీల జ్వరం వచ్చింది. జబ్బ ముందు నిమ్మకాయంత గడ్డ లేచింది, కళ్ళ వెంట నీళ్ళు, మేత ముట్టలేదు. డాక్టరు గారు వచ్చి, పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జబ్బు అన్నారు. మెడలో లోతుగా ఇంజెక్షన్ చేసి, రెండు రోజుల తర్వాత ఇంకోటి చేశారు. దేవుడి దయ వల్ల కోలుకుంది. పోయినేడు ఇదే జబ్బుతో ఒక పడ్డ చచ్చిపోయింది, అందుకే టెన్షన్.

నా బాధ పిడుదులతో. డెల్టామెత్రిన్ మూడుసార్లు కొట్టించాం. రెండు రోజులు రాలతాయి, ఇరవై రోజులకి మళ్ళీ గంగడోలు కింద, తోక మొదట్లో బఠానీ గింజల్లా వేలాడతాయి. ఇంకేం చేయాలి?

వెంకటేశ్, కోదాడ:
అక్కా, స్ప్రే మానేసి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేయించండి. 50 కిలోలకి ఒక మి.లీ. చొప్పున చర్మం కింద. మా దూడలకి చేయిస్తే నెల రోజులు పిడుదు కనపడలేదు. పేలు కూడా పోయాయి.

నాగభూషణం (రిటైర్డ్ పశువైద్యుడు):
వెంకటేశ్ చెప్పింది దూడలకి, వట్టిపోయిన పశువులకి సరే. పాలిచ్చే ఆవుకి మాత్రం ఆ ఇంజెక్షన్ వద్దు. మందు చాలా రోజులు పాలలోకి దిగుతుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

అమ్మా శ్రీలక్ష్మీ, మందు మార్చే ముందు మూడు సంగతులు చెప్పండి. ఎన్ని నీళ్ళకి ఎంత మందు కలిపారు? ఆరు పశువులకి కలిపి ఎన్ని లీటర్లు అయింది? కొట్టం గోడలు ఎలా ఉన్నాయి?

శ్రీలక్ష్మి:
పదహారు లీటర్ల ట్యాంకుకి 15 మి.లీ. సీసా ఒకటి. ఆరింటికీ కలిపి ట్యాంకులో సగం పైన అయింది. వీపు మీద, పక్కల మీద కొట్టాడు మా పాలేరు. కొట్టం ఇటుక గోడ, పూత సగం ఊడిపోయింది. గాడి అడుగున రాతి బండలు.

నాగభూషణం:
సంగతి తేలింది. 1.25 శాతం డెల్టామెత్రిన్ లీటరుకి 2 మి.లీ. కలపాలి. మీ ట్యాంకుకి 32 మి.లీ. పడాలి, మీరు సగం కూడా వేయలేదు. పెద్ద ఆవుకి నాలుగైదు లీటర్లు పడితేనే చర్మం దాకా తడుస్తుంది. ఆరింటికీ కలిపి ఎనిమిది తొమ్మిది లీటర్లు వెంట్రుకలకే సరిపోయాయి. పైగా పిడుదులు వీపు మీద ఉండవు. చెవి లోపల, గంగడోలు మడతలో, పొదుగుకీ తొడకీ మధ్య, తోక కింద ఉంటాయి. సగం మందుతో చావకుండా మిగిలినవి గుడ్లు పెడితే, వాటి పిల్లలకి మందు ఇంకా తక్కువ పనిచేస్తుంది.

ఇక అసలు సంగతి కొట్టం. థైలేరియాని మోసే పిడుదు కడుపు నిండా రక్తం తాగి రాలిపోతుంది. గోడ సందులో దూరి వేల గుడ్లు పెడుతుంది. మీ కోలుకున్న ఆవు రక్తంలో క్రిమి ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని కుట్టిన పిల్ల పిడుదు ఆ సందులోనే కుబుసం విడిచి, పెద్దదై ఇంకో ఆవుని పడుతుంది. మీరు ఆవు మీద చంపుతున్నది కొంతే, మిగతాది గోడలో ఉంది.

ఖాసిం, మహబూబ్‌నగర్:
మా బర్రె కూడా ఈనిన పదిహేను రోజులకి ఎర్రగా, కాఫీ డికాక్షన్ లెక్క మూత్రం పోసింది. పిడుదుల వల్లే అని ఇంజెక్షన్ చేసిన్రు, తగ్గలే. పిడుదులని మేం గోమార్లు అంటం. మందు ఏది కొట్టాలె?

నాగభూషణం:
ఖాసిం గారూ, జ్వరం ఉందా? పిడుదు వల్ల వచ్చే ఎర్రమూత్రంలో ఒళ్ళు కాలిపోతుంది. ఈనిన కొత్తలో బర్రెకి జ్వరం లేకుండా అలాంటి మూత్రం వస్తే ముందు భాస్వరం లోపాన్ని అనుమానించాలి, దానికి చికిత్స వేరు. ఇవాళే మూత్రం, రక్తం పరీక్ష చేయించండి. ఆలస్యం చేస్తే రక్తం తగ్గి పడిపోతుంది. దగ్గర్లో డాక్టరు లేకపోతే 1962కి ఫోన్ చేయండి.

ఖాసిం:
జ్వరం లేదు సార్. ఇప్పుడే పోతున్న.

సుబ్బమ్మ, ఒంగోలు:
మా ఒంగోలు ఎద్దులకి పిడుదులు ఉన్నా జబ్బు రాలేదెప్పుడూ. కొట్టంలో నాలుగు నాటుకోళ్ళని వదలండి, అవే ఏరుకు తింటాయి.

నాగభూషణం:
నాటు పశువులు ఈ జబ్బుని బాగా తట్టుకుంటాయి, నిజమే. సంకరజాతికి ఆ శక్తి తక్కువ. కోళ్ళు కింద పడ్డవి తింటాయి కానీ సందులోపలివి వాటికి అందవు. కొట్టంలో కోళ్ళు ఉంటే మందు కొట్టే రోజు బయటికి తోలాలి. కోళ్ళ మీద నా అనుమానం ఇంకా తీరలేదు, మీ అనుభవం మీది.

శ్రీలక్ష్మి గారు ఇలా చేయండి. ఒక ఉదయం ఎండ ముదరక ముందు పశువులన్నిటికీ నీళ్ళు తాగించి బయట కట్టండి. దప్పికతో ఉంటే ఒంటి మీది మందు నాకుతాయి. 32 మి.లీ. కలిపిన ట్యాంకు రెండుసార్లు నింపుకోండి. చెవుల లోపల, పొదుగు చుట్టూ ఆ మందులో తడిపిన గుడ్డతో తుడవండి, చేతికి గ్లౌజులు వేసుకోండి. పాలు పితికాక కొట్టండి, మళ్ళీ పితికే ముందు పొదుగు కడగండి. పాలకి ఎన్ని రోజుల గడువో సీసా మీద చూడండి. దూడలకి కలిపిన మందు తక్కువ చాలు, ఆరే దాకా తల్లిని నాకనివ్వద్దు.

అదే రోజు కొట్టంలో గాడి బండలు లేపి, సందుల్లో మట్టి గీరి, చెత్తంతా తగలబెట్టండి. సీసా మీద కొట్టానికి రాసిన పాళ్ళలో గోడలకి, గుంజల మొదళ్ళకి కొట్టండి. ఆరాక సందులు సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. పూడ్చకపోతే ఈ శ్రమ అంతా వృథా. పదిహేను రోజులకోసారి, నాలుగుసార్లు పశువులకీ కొట్టానికీ కలిపి చేయండి. మధ్యలో పితికేటప్పుడు రోజూ తోక కింద వేలితో తడమండి. అంటుకున్న పిడుదు జబ్బు ఎక్కించడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది, ముందే తీస్తే మేలు. తీసింది గోటితో నలపకండి, సబ్బునీళ్ళ డబ్బాలో వేయండి. పిడుదు రక్తం మనిషికీ ప్రమాదం. 2011లో గుజరాత్‌లో వచ్చిన క్రిమియన్ కాంగో జ్వరం ఇలాంటి పిడుదుల వల్లే పాకుతుంది.

వెంకటేశ్:
సార్, పాళ్ళు సరిగ్గా వేసినా చావకపోతే?

నాగభూషణం:
అప్పుడు మందుకి అలవాటు పడ్డాయేమో చూడాలి. బాగా ఉబ్బిన పిడుదులు పది ఏరి, సరిగ్గా కలిపిన మందులో రెండు నిమిషాలు ముంచి, పల్చటి గుడ్డ కట్టిన సీసాలో వారం ఉంచండి. వాటిలో చాలావాటి దగ్గర ముదురు గోధుమ రంగు గుడ్ల ముద్ద కనిపిస్తే ఆ మందు మీ ఊళ్ళో పనిచేయట్లేదనే అనుకోండి. మీ డాక్టరు గారితో మాట్లాడి అమిట్రాజ్ లాంటి వేరే రకానికి మారండి. రెండూ కలిపి మాత్రం కొట్టకండి. చూశాక సీసాలో మరిగే నీళ్ళు పోయండి.

శ్రీలక్ష్మి (పద్దెనిమిది రోజుల తర్వాత):
గాడి బండ లేపితే అడుగున గుడ్డు పొరల్లో పిల్ల పిడుదులు మిరియాల పొడిలా చిమ్ముకొచ్చాయి. చూసి భయం వేసింది. రెండోసారి కొట్టాం. నిన్న నాలుగు ఆవుల మీదా కలిపి ఏడే దొరికాయి. సీసా పరీక్షలో పదింటిలో రెండు గుడ్లు పెట్టాయి. ఇది మందు మార్చాల్సినంతేనా సార్? ఇంకోటి, పక్కింటి వాళ్ళ గేదెలు మా గోడకి ఆనుకునే కట్టేస్తారు, వాళ్ళు మందు కొట్టనంటున్నారు.

నాగభూషణం:
రెండంటే ఇంకా మందు పనిచేస్తున్నట్టే, ఈ కోర్సు పూర్తి చేసి మళ్ళీ పరీక్ష చేయండి. పక్కింటి గోడ వైపు సందులు మీరే పూడ్చండి. గేదెల సంగతి మాత్రం నేను ఇక్కడి నుంచి తేల్చలేను, ఆ ఇంటికి ఒకసారి మీ ఊరి గోపాలమిత్రని తీసుకెళ్ళి ఆవు జబ్బు కథ చెప్పించి చూడండి.