నార్కో, లై డిటెక్టర్: నిజం బయటికొస్తుంటే కోర్టుకు అభ్యంతరం ఏంటి?

వైజాగ్ కుర్రోడు: ఏ మర్డర్ జరిగినా టీవీల్లో మొదటి డిమాండ్ "నార్కో చేయండి" అనే. మత్తుమందు ఎక్కించి ప్రశ్నలడిగితే మత్తులో ఉన్న మనిషి అబద్ధం ఆడలేడు కదా. మరి కోర్టులు ఎందుకు ఒప్పుకోవు? ఇది నేరస్తులకే లాభం కాదా?

తెనాలి మాస్టారు: ఇందులో చర్చించేదేముంది బాబూ. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలీగ్రాఫ్ అనే లై డిటెక్టర్, మెదడు తరంగాలు చదివే బ్రెయిన్ మ్యాపింగ్ మూడింటినీ నిషేధించేసింది. ఇంకా చేస్తున్నారంటే పోలీసులు చట్టాన్ని పట్టించుకోవట్లేదనే.

నల్లకోటు: మాస్టారూ, మీరు చెప్పింది సగమే నిజమండి. కోర్టు ఆపింది బలవంతంగా చేయడాన్ని. మనిషి ఒప్పుకుంటే చేయొచ్చు. కానీ ఆ ఒప్పుకోలు మేజిస్ట్రేటు ముందు రికార్డు కావాలి, లాయరు అందుబాటులో ఉండాలి. ఇది పోలీసులకు చెప్పిన మాటతో సమానమే తప్ప మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం కాదని ముందే అతనికి చెప్పాలి. ఇంత చేసినా పరీక్షలో అతను అన్న మాటలు నేరుగా సాక్ష్యం కావు. ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే అది మాత్రం కోర్టు ముందుకు వస్తుంది.

ఈ లెక్క నార్కోతో పుట్టింది కాదు. మన గుంటూరు జిల్లా కేసే దీనికి మూలం. పులుకూరి కోటయ్య కేసు అని లా కాలేజీలో ప్రతి ఒక్కరూ చదువుతారు. అప్పట్లో మనకు పై కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, తీర్పు 1946 డిసెంబరులో వచ్చింది. నిందితుల్లో ఒకడు పోలీసులకు చెప్పిన మాటల సారం ఇది: చెరువు మూల దగ్గర కాపు కాశాం, ఇద్దరిని కొట్టి చంపాం, బల్లెం, నా కర్ర ఫలానా వాళ్ల గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను. గడ్డివాములో బల్లెం దొరికింది. అయినా "కొట్టి చంపాం" అన్న ముక్కను ప్రివీ కౌన్సిల్ పక్కన పెట్టేసింది. "దాచాను, చూపిస్తాను" అన్న ముక్కనే ఉంచింది. ఎందుకంటే బల్లెం దొరకడం వల్ల రుజువైంది అది అక్కడుందని, ఇతనికి ఆ సంగతి తెలుసని. దానితో ఎవరిని పొడిచారన్నది గడ్డివాము చెప్పదు కదా. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 27, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 23 కిందికి వచ్చింది. సెల్వి తీర్పు ఒప్పుకుని చేయించుకున్న నార్కోను కూడా ఇదే తలుపులోంచి పంపింది.

వైజాగ్ కుర్రోడు: సరే సార్, మరి రక్తం, వేలిముద్రలు బలవంతంగానే తీసుకుంటారు కదా? తన మీద తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగం ఆర్టికల్ 20(3) అప్పుడు రానిది ఇప్పుడెందుకు వస్తుంది?

నల్లకోటు: మంచి ప్రశ్న. 1961లో కాఠీ కాలు ఓఘడ్ కేసులోనే దీనికి గీత గీశారు. వేలిముద్ర మనిషి మనసులోంచి వచ్చేది కాదు, అతను ఏం అనుకున్నా అది మారదు. నార్కోలో తీసుకునేది అతనికి తెలిసిన సంగతి. పాలీగ్రాఫ్‌లో నోరు తెరవకపోయినా శరీరం స్పందనను జవాబుగా చదువుతారు, కాబట్టి అదీ సాక్ష్యం చెప్పించడమే అంది కోర్టు.

ల్యాబ్ పెద్దాయన: చట్టం సంగతి అలా ఉంచండి. మొదటి పోస్టులో "మత్తులో అబద్ధం ఆడలేడు" అన్నారు చూడండి, అసలు తేడా అక్కడుంది. సోడియం పెంటోథాల్ మత్తుమందు. అనస్థీషియా డాక్టరు కొద్దికొద్దిగా ఎక్కిస్తూ మనిషిని పూర్తిగా నిద్రపోనివ్వకుండా, పూర్తిగా తెలివిలోనూ ఉంచకుండా నడుపుతాడు. ఆ స్థితిలో బిడియం పోతుంది, మాటలు పెరుగుతాయి. అందులో నిజం ఉంటుంది, కల ఉంటుంది, మనం అందించినదీ ఉంటుంది. "కత్తి ఎక్కడ పడేశావ్?" అని అడిగితే కత్తే లేనివాడు కూడా ఏదో కాలవ పేరు చెప్తాడు. దొరికితే దొరికింది, దొరక్కపోతే అతను అబద్ధం ఆడాడా, మనమే చెప్పించామా అన్నది రికార్డింగ్ ఎన్నిసార్లు చూసినా తేలదు. అందుకే నేను ముందు ప్రశ్నల కాగితం అడుగుతాను. కేసు వివరం ప్రశ్నలోనే ఉంటే జవాబుకు విలువ లేదు.

బంగారం షాపు: మా షాపులో ఒక గాజుల జత పోయింది. అయిదుగురు పనివాళ్లు. ఒక ప్రైవేటు ఏజెన్సీ వాళ్లు పాలీగ్రాఫ్ చేస్తాం, ఒక్క రోజులో తేలుస్తాం అంటున్నారు. చేయించమంటారా? ఎవడు తీశాడో నాకు అనుమానం ఉంది, మిషను చెప్తే సరిపోతుంది.

ల్యాబ్ పెద్దాయన: వద్దు బాబూ. ఆ మిషను చెప్పేది ఊపిరి, బీపీ, వేళ్ల చెమట, అంతే. అబద్ధానికంటూ శరీరంలో ప్రత్యేకమైన గుర్తు లేదు. మరి ఎలా తేలుస్తారు? "గాజులు నువ్వే తీశావా?" అని అడిగే మధ్యలో "25 ఏళ్లు రాకముందు ఎప్పుడైనా నీది కానిది తీసుకున్నావా?" లాంటి ప్రశ్న పెడతారు. ఎవరైనా చిన్నప్పుడు ఏదో ఒకటి తీసే ఉంటారు, కాబట్టి "లేదు" అన్నప్పుడు లోపల కాస్త ఇబ్బంది పడతారు. నిర్దోషికి ఈ ప్రశ్న దగ్గర గీత ఎక్కువ లేస్తుందని, దొంగకు గాజుల ప్రశ్న దగ్గర లేస్తుందని వీళ్ల నమ్మకం. కానీ ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో కూర్చున్న మీ కుర్రాడికి ఏ ప్రశ్న దగ్గర గుండె కొట్టుకుంటుంది? గాజుల దగ్గరే కదా. పైగా మీ అనుమానం ఏజెన్సీ వాడికి ముందే చెప్పేస్తే గీతలు కూడా అటే వంగుతాయి.

అమెరికాలో 2003లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీని మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఒక ఫలానా ఘటన గురించి అడిగే పాలీగ్రాఫ్ నాణెం ఎగరేసిన దానికంటే చాలా మెరుగే, కానీ పక్కాకు చాలా దూరం అంది. అందులో ఒక లెక్క ఉంది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకోండి. ఎనిమిది మందిని పట్టేంత గట్టిగా మిషను పెడితే, వాళ్లతో పాటు 1,598 మంది అమాయకులూ ఫెయిలవుతారు. అమాయకులను కాపాడాలని వదులు చేస్తే గూఢచారులు జారిపోతారు. సీఐఏలో సోవియట్లకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ అమ్ముతున్న కాలంలోనే పాలీగ్రాఫ్ రెండుసార్లు పాసయ్యాడు. అక్కడ చాలా ప్రైవేటు కంపెనీలకు ఉద్యోగుల మీద ఈ పరీక్ష చేసే హక్కే లేదు, 1988లోనే చట్టం తెచ్చారు.

బంగారం షాపు: అయితే కెమెరా ఫుటేజీ మళ్లీ చూడాల్సిందే అన్నమాట.

కరీంనగర్ వాసంతి: నాది ఇంకో డౌట్. తప్పు చేయనివాడు తనే "నాకు నార్కో చేయండి" అంటే? కాదంటే అందరూ దొంగ అనే అనుకుంటారు కదా.

నల్లకోటు: అమ్మా, దీని మీద 2025 జూన్‌లో అమ్లేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు మాట్లాడింది. బిహార్ పోలీసులు నిందితులందరికీ నార్కో చేస్తామంటే పట్నా హైకోర్టు బెయిలు విచారణలోనే సరే అంది, దాన్ని కొట్టేశారు. నిందితుడు తనంతట తాను సరైన దశలో అడగొచ్చు, కానీ అది ఖచ్చితంగా ఇచ్చి తీరాల్సిన హక్కు కాదన్నారు. దాని ఒక్కదాని మీదే శిక్ష వేయకూడదనీ చెప్పారు. నాకైతే దర్యాప్తుకు ఒక దారి చూపేదిగా ఉంచడంలో తప్పు లేదనిపిస్తుంది. బల్లెం దొరికితే దొరుకుతుంది.

ల్యాబ్ పెద్దాయన: ఆ దారే తప్పుదారి అయితే? 2008 నోయిడాలో ఆరుషి అనే అమ్మాయి హత్య కేసు చూడండి. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే వాళ్లకు, ఆమె తండ్రి దగ్గరి కాంపౌండరుకు నార్కో చేశారు, ఆ వీడియోలు టీవీల్లో కూడా తిరిగాయి. వాళ్లను అరెస్టు చేసిన మొదటి సీబీఐ బృందం గడువులోగా చార్జిషీటు వేయలేకపోయింది, వాళ్లు బయటికొచ్చారు. రెండో బృందం వచ్చాక కేసు తల్లిదండ్రుల వైపు తిరిగింది, 2013లో శిక్ష పడింది, 2017లో అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. ఇప్పటికీ ఎవరు చంపారో తేలలేదు. మీరు దారి అంటున్నారు, నేను పోయిన నెలల లెక్క చూస్తున్నాను.

నల్లకోటు: ఆ నెలలు పోయింది నార్కో వల్లా, మొదటి రోజు హత్య జరిగిన చోటు భద్రం చేయకపోవడం వల్లా? ఇది మాత్రం మీరు ఒప్పుకోవాలి పెద్దాయనా.

తెనాలి మాస్టారు: అంటే బ్యాన్ కాదన్నమాట. మరి కస్టడీలో ఉన్నవాడు "ఇష్టపూర్వకంగా" ఒప్పుకున్నాడని మేజిస్ట్రేటుకు ఎలా తెలుస్తుందండీ?

నల్లకోటు: ఎన్నాళ్లు లోపల ఉన్నాడు, ఎలాంటి విచారణ జరిగింది అన్నవి చూడమని తీర్పులోనే ఉంది. ఎంత లోతుగా చూస్తారన్నది కోర్టును బట్టి.