శ్రావణంలో నిశ్చితార్థం అంటున్నారు: ఈ వాట్సాప్ మాటల్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (తిరుపతి, బ్యాంకు ఉద్యోగిని):
నాకు 27 ఏళ్లు. రోజూ బస్సులో శ్రీకాళహస్తి వెళ్లి వస్తాను. మధ్యవర్తి ద్వారా చిత్తూరు సంబంధం వచ్చింది. అబ్బాయి బెంగళూరులో ఇంజినీరు. ఇరువైపులా పెద్దలకు తెలిసే మూడు వారాలుగా వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నాం. మనిషి సరదాగానే ఉంటారు. కానీ రెండో రోజే నన్ను "నువ్వు" అన్నవారు, నేను ఒకసారి "నువ్వు" అనేసరికి "కాబోయే భర్తను అలా అంటారా?" అని నవ్వు బొమ్మ పెట్టారు. సాయంత్రం బస్సెక్కగానే లైవ్ లొకేషన్ పంపమంటారు. అప్పులేమైనా ఉన్నాయా అని అడిగితే "అవి పెద్దవాళ్లు చూసుకుంటారు" అన్నారు. ఇది శ్రద్ధా, పెత్తనమా?

పీలేరు నుంచి ఒక తల్లి:
జాతకాలు చూపించారా అమ్మా? మా అమ్మాయికి కూడా చూపించకుండా మాటలు మొదలుపెట్టాక చాలా తలనొప్పి పడ్డాం.

పలమనేరు నుంచి ఒకరు:
కొత్తలో మగవాళ్లకు ఆ మాత్రం ఆత్రం సహజం. ఒక పని చేయండి. కావాలనే రెండు రోజులు జవాబు ఇవ్వకండి. కోపం వస్తే మనిషి సంగతి తేలిపోతుంది.

చిత్తూరు నుంచి (కుటుంబ సలహాదారుగా పనిచేసి రిటైరైనవారు):
పలమనేరు వారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మాట కాదన్నప్పుడే మనిషి బయటపడతాడు. కానీ రెండు రోజులు నాటకమాడితే ఎవరికైనా కోపం వస్తుంది. దాంతో మీకేమీ తెలియదు. మీరు నిజంగా కాదన్న సందర్భాలు ఇప్పటికే ఉండి ఉంటాయి. చాటింగ్‌ను మొదటి నుంచి చదవండి. ఆయన ఏమడిగారు, మీరేమన్నారు, తరువాతి రెండు రోజుల్లో ఏం జరిగింది, చివరికి ఎవరి మాట నెగ్గింది అన్నది తేదీలతో కాగితం మీద రాయండి. విడి మాటలన్నీ తీయగానే ఉంటాయి, వరుసలో చూస్తేనే తెలుస్తుంది. ఇంకొకటి, లొకేషన్ ఎంతసేపటికి అడుగుతున్నారు? అందులో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఉంటాయి కదా.

అప్పుల విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. డబ్బు గురించి మాట్లాడటం తప్పని పెరిగిన ఇళ్లు మన వైపు ఎక్కువ. ముందు మీ లెక్క అంకెలతో చెప్పి, తరువాత అడగండి. దాపరికం లేనివాడు అంకెతో జవాబిస్తాడు. ఉన్నవాడు "నా మీద నమ్మకం లేదా?" అంటాడు.

ప్రశ్న అడిగినవారు:
రాసి చూశాను. లొకేషన్ 8 గంటలపాటు పంపమనే అడుగుతారు. ప్రయాణం గంటే. రెండుసార్లు పంపనన్నాను. మొదటిసారి "సరే" అని మర్నాడు రాత్రి దాకా పలకలేదు. నేనే పంపి రాజీపడ్డాను. రెండోసారి "నమ్మనివాళ్లతో ఏం మాట్లాడను" అన్నారు. మళ్లీ నేనే పంపాను. వెంటనే ఎంత ప్రేమగా మాట్లాడారో! కాగితం మీద చూసేదాకా ఇది తట్టలేదు.

డబ్బు విషయం మీరు చెప్పినట్లే అడిగాను. నా చదువు అప్పుకు నెలకు 6 వేలు కడుతున్నానని చెప్పాను. చెల్లెలి పెళ్లికి చేసిన 8 లక్షల అప్పు ఉందని, బయోడేటాలో సొంత ఫ్లాట్ అని మధ్యవర్తి రాయించాడని, ఉంటున్నది అద్దె ఇల్లని చెప్పారు. ఇంత సూటిగా చెబుతారని అనుకోలేదు.

పలమనేరు నుంచి ఒకరు:
చూశారా, నిజాయితీపరుడు. ఇక అనుమానం దేనికి?

చిత్తూరు నుంచి:
డబ్బు దగ్గర దాపరికం లేదు, మంచిదే. కానీ ఆ మార్కులు తెచ్చి ఇక్కడ కలపకూడదు. నిజం చెప్పే మనిషే పెత్తనం కూడా చేయవచ్చు. శ్రద్ధ అయితే మీరు ఇల్లు చేరడంతో ఆ అవసరం తీరిపోవాలి. గంట ప్రయాణానికి 8 గంటలు దేనికి? పైగా మీరు కాదన్న ప్రతిసారీ మౌనంతో వెల కట్టించారు. "నువ్వు" సంగతి కూడా ఈ వరుసలోదే. ఆయనకున్న చనువు మీకు లేదు. ఇంటికి చేరాక ఒక మెసేజ్ పెడతాను, లొకేషన్ పంపను అని స్పష్టంగా చెప్పండి. కారణాల చిట్టా వద్దు. ఈసారి మౌనం వస్తే రాజీకి మీరు వెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తరువాత):
చెప్పాను. "నీ ఇష్టం" అన్నారు. మౌనంగా కూడా లేరు, మామూలుగానే మాట్లాడుతున్నారు. ఊపిరి పీల్చుకున్నాను. అయితే నిన్న మా నాన్న మాటల్లో అన్నారు, మూడు రోజులుగా అబ్బాయి రాత్రి ఏడున్నరకు ఫోన్ చేసి "అమ్మాయి ఇల్లు చేరిందా మామయ్యా?" అని అడుగుతున్నాడట. నాన్నకు ముచ్చటగా ఉంది.

పీలేరు నుంచి ఒక తల్లి:
నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటగానే ఉందమ్మా. మా అల్లుడు పెళ్లయ్యాక కూడా ఒక్కసారి అలా అడగలేదు.

చిత్తూరు నుంచి:
మీరు ఇల్లు చేరి మెసేజ్ పెట్టాక చేశారా, ముందు చేశారా? మీ నాన్నగారికి ఫోన్ చేస్తున్నట్లు మీతో చెప్పారా?

ప్రశ్న అడిగినవారు:
మెసేజ్ పెట్టాకే. నాతో చెప్పలేదు. ఈ రాత్రి అడుగుతాను.